"బ్యాక్‌గ్రౌండ్ క్లీన్ చేసి పంపన్నా": ప్రొడక్ట్ ఫొటోల మీద అపోహలు - వాస్తవాలు

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మాది చిన్న స్టూడియో. పెండ్లి ఆల్బమ్‌లతో మొదలైన పని, ఇప్పుడు సగం ఆన్‌లైన్ దుకాణాల ఫొటోల మీదనే నడుస్తున్నది. పుట్టపాక, పోచంపల్లి వైపు నుంచి ఇక్కత్ బట్టలు ఎక్కువ, అప్పుడప్పుడు గద్వాల చీరలు. ఎవరు పంపినా కింద రాసేది ఒకటే మాట: "అన్నా, బ్యాక్‌గ్రౌండ్ క్లీన్ చేసి పంపు." ఏ సైజు కావాలె, వెనక ఏ రంగు ఉండాలె, ఎక్కడ పెడతరు, ఇవేవీ ఉండవు. అడిగితే "మీకు తెల్వనిదా అన్నా" అంటరు.

మొన్న పుట్టపాక నుంచి ఒక తమ్ముడు తేలియా రకం ఇక్కత్ దుపట్టా ఫొటో పంపిండు. ఎరుపు, నలుపు, తెలుపు, కొసలకు తెల్ల నూలు కుచ్చులు. గోడకు తెల్ల దుప్పటి కట్టి, దాని ముందు దుపట్టా వేలాడదీసి ఫోన్‌తో తీసిండు. ఈ పనిలో జరిగే తప్పులన్నీ జరగడానికి ఆ ఒక్క ఫొటో చాలు. అందుకే దాన్నే పట్టుకొని చెప్తా.

అపోహ: సైజు చెప్పలేదంటే ఏ సైజైనా నడుస్తది, తర్వాత పెంచుకోవచ్చు.

తగ్గించుకోవచ్చు, పెంచుకోలేం. ఫొటోను పెద్దది చేస్తే సాఫ్ట్‌వేర్ రెండు చుక్కల మధ్య అందాజగా మూడో చుక్క పెడుతది. అంతే తప్ప ఫొటోలో లేని నూలుపోగు కొత్తగా పుట్టదు.

తమ్ముడి ఫోన్‌లో అసలు ఫొటో 3000 x 4000 పిక్సెల్‌లు. నాకు మొదట చేరింది మాత్రం పొడవు 1600 ఉన్న ఫొటో, ఎందుకంటే వాట్సాప్‌లో మామూలు ఫొటోలాగా పంపిండు. "డాక్యుమెంట్‌గా పెట్టి పంపు తమ్మీ" అన్నంక అసలుది వచ్చింది. తేడా ఎంతో లెక్క చూడండి. అసలు ఫొటోలో దుపట్టా ఎత్తు 2600 పిక్సెల్‌లు. వాట్సాప్ కుదించిన దాంట్లో అదే 1040. అమెజాన్‌లో మొదటి ఫొటోకు వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలని నియమం. ఆ లెక్కన అసలు ఫొటోతో 3058 పిక్సెల్‌ల చదరం చేయవచ్చు, ఒక్క పిక్సెల్ కూడా సాగదీయకుండా. కుదించిన దాంతో 1220 దగ్గరనే ఆగిపోతం. అక్కడ జూమ్ పనిచేయాలంటే పొడవు వైపు కనీసం 1000 ఉండాలె కాబట్టి అదీ గట్టెక్కుతది. కానీ రేపు ఇంకో దుకాణం 2000 అడిగితే దుపట్టాను ఒకటిన్నర రెట్ల కంటే ఎక్కువ సాగదీయాల్సి వస్తది.

ఇక్కత్‌కు ఇంకో తిప్పలు ఉన్నది. రంగుల అంచులు కొంచెం అలుక్కున్నట్టు ఉండడం దాని స్వభావం. తేలియాలో పడుగు, పేక రెండూ ముందే కట్లు కట్టి రంగు అద్దినవి కాబట్టి గడి అంచు గీత గీసినట్టు రాదు. సాగదీసిన ఫొటో మసకబారితే చాలామంది షార్పెన్ నొక్కుతరు. అప్పుడు ఆ అంచులు కత్తితో కోసినట్టు అయితయి, చేతి నేత కాస్తా ప్రింటు బట్టలాగా కనబడుతది. తెలిసిన కొనుగోలుదారు జూమ్ చేసి చూసేదే ఆ అంచులను.

అందుకే సైజు చెప్పనప్పుడు నేను పట్టుకున్న పద్ధతి: కత్తిరింపు పనంతా అసలు సైజులోనే చేసి దాచిపెడతా. ఇచ్చేటప్పుడు 2000 పిక్సెల్‌ల చదరం ఒకటి తీసిస్తా.

అపోహ: కంటికి తెల్లగా ఉంటే తెలుపే.

తెలుపుకు ఒక సంఖ్య ఉన్నది. ప్రతి చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉన్నయో సున్నా నుంచి 255 దాకా లెక్కిస్తరు, మూడూ 255 ఉంటేనే అచ్చమైన తెలుపు. అమెజాన్ మొదటి ఫొటోకు అడిగేదీ అదే. 250 ఉన్న తెలుపును మన కన్ను పట్టలేదు. కానీ దుకాణం పేజీ తెల్లగా ఉంటది కాబట్టి, దాని మీద పెట్టినప్పుడు ఫొటో చుట్టూ లేత బూడిద డబ్బా కనబడుతది, ముఖ్యంగా మంచి స్క్రీన్ ఉన్న ఫోన్‌లలో.

పట్టుకోవడం తేలిక. గింప్‌లోనో ఫొటోషాప్‌లోనో లెవెల్స్ తెరిచి, ఎడమ వైపు నల్ల ముక్కను 245 దాకా జరపండి. 255 ఉన్నచోటు తెల్లగానే ఉంటది, 250 ఉన్నచోటు నడిమి బూడిదకు దిగుతది, 245 కన్నా తక్కువ ఉన్నదంతా నల్లబడుతది. దుప్పటి మడతలు, మూలల నీడ, సరిగ్గా తుడవని చోట్లు అన్నీ మరకల్లాగా బయటపడతయి. చూసుకొని క్యాన్సిల్ కొట్టాలె, ఓకే కాదు. ఒకసారి ఓకే కొట్టి, అట్లనే సేవ్ చేసి పంపిన మనిషి ఈ స్టూడియోలోనే ఉన్నడు. పేరు చెప్పను, నేనే.

అపోహ: బ్యాక్‌గ్రౌండ్‌ను తెల్లబరిస్తే వస్తువు రంగు మారదు.

దుకాణాల వాళ్లకు ఎక్కువ నష్టం తెచ్చేది ఇదే. ఎందుకంటే రంగు తేడా వచ్చిన బట్ట వాపసు వస్తది.

తొందరలో అందరం చేసే పని ఏందంటే, మొత్తం ఫొటో మీద లెవెల్స్ పెట్టి, కుడి వైపు తెల్ల ముక్కను దుప్పటి తెల్లబడేదాకా ఎడమకు లాగుడు. తమ్ముడి ఫొటోలో దుప్పటి నడుమ 236 ఉన్నది, మూలల్లో వెలుతురు తగ్గి 214కు దిగింది. మూలలు కూడా 255 కావాలంటే తెల్ల ముక్కను 214 దగ్గర పెట్టాలె. పెడితే దుప్పటి శుభ్రంగా తెల్లబడ్డది. కానీ దుపట్టాలోని తెల్ల నూలు అసలు 238, 232, 222. అంటే కొంచెం పసుపు తిరిగిన తెలుపు. మూడు సంఖ్యలూ 214 దాటినయి కాబట్టి మూడూ 255 అయి కూర్చున్నయి. కుచ్చులు బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోయినయి, గడుల నడుమ తెల్ల నూలు ఉన్నచోట కాగితానికి బొక్కలు పడ్డట్టు అయింది.

ఎరుపు సంగతి ఇంకా అన్యాయం. బట్ట మీద 138, 32, 40 ఉన్న ముదురు ఎరుపు ఈ దెబ్బకు 164, 38, 48 అయింది. తేలియా ఎరుపులో ఉండే ఆ నిండుతనం పోయి, బజారులో దొరికే మామూలు ఎరుపైంది. అసలుదాన్ని పక్కన పెట్టుకోకుండా చూస్తే "బాగా మెరుస్తున్నది" అని కూడా అనిపిస్తది. మోసపోయేది అక్కడనే.

కాబట్టి వస్తువును వెనక భాగం నుంచి విడదీసే మాస్క్ గీసి, వెనక వేరే లేయర్‌లో తెలుపు నింపాలె. వస్తువు ఉన్న లేయర్ మీద లెవెల్స్ ముట్టొద్దు. రంగు సరిచేయాల్సి వస్తే అది వేరే పని, దానికి బట్టను ఎదురుగా పెట్టుకొని చూడాలె.

అపోహ: తెల్ల బ్యాక్‌గ్రౌండ్ కావాలంటే వెనక తెల్ల బట్టే కట్టాలె.

తెల్ల అంచు లేని వస్తువుకు సరే. తెల్ల కుచ్చులున్న దానికి మాత్రం అది చేజేతులా తెచ్చుకున్న కష్టం. తెలుపు మీద తెల్ల పోగు అంచు ఎక్కడ మొదలైందో మనిషికే తెల్వదు, సాఫ్ట్‌వేర్‌కు ఏం తెలుస్తది? ఎర్ర, నల్ల భాగాల అంచులు పది నిమిషాల్లో దొరికినయి. ఆ కుచ్చుల మీద గంట కూర్చున్నా పోగులు సగం తెగిపోయినయి.

ఆఖరుకు తమ్ముడికే ఫోన్ చేసి, లేత బూడిద చార్టు వెనక పెట్టి, కిటికీ పక్క నీడపట్టున ఇంకోసారి తీయమన్న. "తెల్లగా కావాలంటే బూడిద ఎందుకన్నా?" అన్నడు. బూడిద మీద తెల్ల పోగు విడిగా కనబడుతది కాబట్టి మాస్క్ తేలికగా వస్తది. నీలమో ఆకుపచ్చో కడితే ఇంకా తేలిక కాదా అంటే, ఆ రంగు తెల్ల నూలు మీద పడి అంచులకు అంటుకుంటది, మళ్లీ దాన్ని కడగాలె. బూడిదకు ఆ తగులాటం లేదు. పోగుల చివర మిగిలే సన్నటి బూడిద ఛాయ తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద కుచ్చు కనబడడానికి పనికే వస్తది. దాన్ని పూర్తిగా తుడిస్తే కుచ్చు మళ్లీ మాయం.

అపోహ: పారదర్శక పీఎన్‌జీ ఇస్తే ఏ రంగైనా వాళ్లే పెట్టుకుంటరు.

ఇది సగం నిజం. నా దగ్గర దాచుకునేది అదే. కానీ రంగు చెప్పని మనిషికి అదొక్కటే ఇస్తే చిక్కు. జేపీఈజీలో పారదర్శకత ఉండదు. వాళ్లు ఎక్కించే చోట అది జేపీఈజీగా మారితే, ఖాళీ ఉన్నచోట కొన్నిసార్లు నలుపు వచ్చి కూర్చుంటది. పైగా తెలుపు మీద బాగున్న అంచు ముదురు రంగు మీద తెల్ల గీతలాగా బయటపడవచ్చు. అందుకని ఇచ్చే ముందు మాస్క్ వెనక ఒకసారి నలుపు, ఒకసారి ముదురు ఎరుపు నింపి అంచు చూసుకుంటా.

కాబట్టి రెండూ ఇస్తా: అసలు సైజు పీఎన్‌జీ, దాంతోపాటు తెల్ల జేపీఈజీ. వస్తువులు నలభై, యాభై ఉన్నప్పుడు ఒక్కొక్కటి చేత్తో చేయలేం. ఇమేజ్‌మ్యాజిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇట్లా తీస్తా, ఒక్కో ఫైలుకు పేరు మాత్రం మార్చి ఇదే కమాండ్:

```
magick dupatta.png -trim +repage -resize "1700x1700>" -background white -alpha remove -gravity center -extent 2000x2000 -quality 92 dupatta_white.jpg
```

ఇది చుట్టూ ఖాళీని కత్తిరించి, వస్తువును 1700 లోపలికి తెచ్చి, 2000 తెల్ల చదరం నడుమ కూర్చోబెడుతది. 2000లో 85 శాతం 1700. ఆ `>` గుర్తును మరిచిపోవద్దు. అది ఉంటే పెద్దవాటిని తగ్గిస్తది తప్ప చిన్నవాటిని సాగదీయదు. ఏదైనా ఫొటోలో వస్తువు చదరం నడుమ చిన్నగా కనబడిందంటే అది వాట్సాప్‌లో కుదించి వచ్చిందని అప్పుడే తెలిసిపోతది. క్వాలిటీని మరీ 60కి దించితే ఎర్ర బట్ట అంచు పక్కన తెలుపులో మురికి చుక్కలు లేస్తయి, మళ్లీ 245 పరీక్షలో దొరికిపోతం.

ఫైళ్లతో పాటు ఒక మెసేజ్ పెడతా: "సైజు, రంగు చెప్పలేదు కాబట్టి 2000 చదరం, అచ్చ తెలుపు అనుకొని చేసిన. బట్ట రంగు ముట్టలేదు. వేరే కావాలంటే చెప్పు, కత్తిరింపు మళ్లీ చేయక్కర్లేదు."

పుట్టపాక తమ్ముడు పది రోజులకు ఫోన్ చేసిండు. దుకాణంలో పెట్టిన ఫొటో బాగున్నదట, కానీ ఎగ్జిబిషన్ ఫ్లెక్సీకి అదే దుపట్టా ముదురు పచ్చ మీద కావాలట. పీఎన్‌జీ తెరిచి వెనక పచ్చ నింపితే, నేను కుచ్చులకు అట్టిపెట్టిన బూడిద ఛాయ అక్కడ పనికిరాలేదు. పోగుల చివరలు మాత్రం కొంచెం తుడిచి, పావుగంటలో పంపిన.

"ఫ్లెక్సీ ఏ సైజు తమ్మీ?" అంటే, "మీకు తెల్వనిదా అన్నా" అన్నడు.