లీడ్‌కి పెట్టే మార్పు మెయిల్: మూడు అపోహలు

సపోర్ట్ టీమ్‌లో షిఫ్టుల్లో పనిచేస్తాను. షిఫ్ట్ మారేటప్పుడు పని అప్పజెప్పే హ్యాండోవర్ పద్ధతి మార్చుకుందామని టీమ్ లీడ్‌కి పెట్టిన మొదటి మెయిల్‌కి జవాబే రాలేదు. రెండోదానికి అరగంటలో వచ్చింది.

అపోహ: సమస్యను ఎంత గట్టిగా చెబితే అంత మంచిది.

మొదటిసారి "హ్యాండోవర్ సరిగ్గా జరగట్లేదు, కస్టమర్లు విసిగిపోతున్నారు" అని రాశాను. లీడ్ మేడమ్‌కి అది ఉదయం షిఫ్ట్ వాళ్ల మీద చాడీలా అనిపించింది. రెండోసారి రాసేముందు రెండు వారాలు నోట్‌బుక్‌లో లెక్క పెట్టుకున్నాను. మధ్యాహ్నం చేతులు మారిన కస్టమర్ ఫిర్యాదులు, అంటే టికెట్లు, 40. వాటిలో 12 టికెట్లకు, కస్టమర్ పొద్దున చెప్పిందే మేం మళ్లీ ఫోన్ చేసి అడిగాం. మెయిల్‌లో ఎవరి పేరూ రాయలేదు. ఆవిడ తెరిచి చూసుకోవడానికి రెండు టికెట్ల నంబర్లు ఇచ్చానంతే.

అపోహ: లాభం ఒక్కటి చూపిస్తే చాలు.

ఫోన్‌కి పావుగంట చొప్పున రెండు వారాల్లో పోయింది మూడు గంటలు. చిన్న అంకే, కానీ అడిగితే చూపించగలను. "ప్రొడక్టివిటీ పెరుగుతుంది" అని రాస్తే చూపించడానికి ఏమీ ఉండదు. అసలు చిక్కు వేరే ఉంది. నేను అడిగిన మార్పు, అప్పజెప్పే ప్రతి టికెట్‌లో ఉదయం షిఫ్ట్ ఒక చిన్న నోట్ రాయడం. టికెట్‌కి రెండు నిమిషాలు అంటే 40 టికెట్లకు 80 నిమిషాలు. ఆ భారం ఉదయం షిఫ్ట్‌ది, మిగిలే టైమ్ మాది. లీడ్ మొదట అడిగేది ఇదే కాబట్టి నేనే ముందు రాసేశాను. బదులుగా, రోజూ 20 నిమిషాలు సాగే హ్యాండోవర్ కాల్‌ను పదికి తగ్గిద్దామన్నాను.

అపోహ: ట్రయల్ అంటే మార్పును మెల్లగా మొదలుపెట్టడం.

ఆగే తేదీ లేకపోతే అది ట్రయల్ కాదు. మా ఆఫీసు మెయిళ్లు ఇంగ్లిష్‌లోనే నడుస్తాయి. నేను రాసింది తెలుగులో చెప్పాలంటే:

> సబ్జెక్ట్: హ్యాండోవర్ నోట్, రెండు వారాల ట్రయల్‌కి మీ అనుమతి
>
> సోమవారం నుంచి రెండు వారాలు, ఉదయం-మధ్యాహ్నం షిఫ్టుల మధ్య మాత్రమే. టికెట్‌లో మూడు లైన్లు: కస్టమర్ ఏం చెప్పారు, మనం ఏం చేశాం, ఇప్పుడు ఎవరి జవాబు కోసం ఆగాం. మళ్లీ అడగాల్సి వచ్చిన టికెట్లు 12 నుంచి 6కి తగ్గకపోతే పాత పద్ధతికే వెళ్దాం. లెక్క నేను రాస్తాను. గురువారంలోపు సరే అంటే చాలు.

మేడమ్ ఒక్కటే మార్చారు: లెక్క నేను కాకుండా ఉదయం షిఫ్ట్‌లో ఒకరు రాయాలన్నారు. నాకు కాస్త చురుక్కుమంది కానీ, న్యాయమే.

రెండు వారాల తర్వాత 38 టికెట్లలో 5 మళ్లీ అడిగినవి తేలాయి. ఆ ఐదింటిలో నాలుగింటికి మూడో లైన్ ఖాళీ. ఇప్పుడు ఆ లైన్ నింపకుండా టికెట్ అప్పజెప్పడం లేదు.