నెల చందా ఎంత? సాఫ్ట్‌వేర్ ధర వెనక కథ

సాఫ్ట్‌వేర్‌కు విడిగా ధర కట్టడం మరీ పాత అలవాటు కాదు. 1969 జూన్‌లో ఐబీఎం తన విధానం మార్చుకుంటున్నట్టు ప్రకటించేదాకా ఆ కంపెనీ ప్రోగ్రాములు చాలావరకు కంప్యూటరుతోపాటే వచ్చేవి. యంత్రమైతే ముడిసరుకు, కూలీ లెక్కగట్టి లాభం కలపొచ్చు. దీన్నే కాస్ట్ ప్లస్ అంటారు. ప్రోగ్రాముకు ఖర్చంతా మొదటి కాపీకే అవుతుంది, ఆ తర్వాతి కాపీలకు పెద్దగా ఏమీ కాదు. అందుకే ఈ పద్ధతి ఇక్కడ మొదటినుంచీ తడబడుతూనే ఉంది.

చిన్న మందుల షాపుల కోసం, గడువు తీరబోయే మందులను ముందే చూపించే చందా సాఫ్ట్‌వేర్ ఒకటి తయారైందనుకుందాం. జీతాలకూ ఆఫీసుకూ నెలకు 6 లక్షలు, సర్వరుకూ ఫోన్ సాయానికీ షాపుకు 180 రూపాయలు. 500 షాపులు చేరితే ఒక్కో షాపు మీద పడే ఖర్చు 1,380, అదే 2,000 చేరితే 480. ధర తెలియాలంటే షాపులెన్నో తెలియాలి, ఎన్ని షాపులొస్తాయో ధరే తేలుస్తుంది. ఈ ముడి కాస్ట్ ప్లస్‌తో విడదు. అది చెప్పగలిగేది ఒక్కటే: 180 కన్నా కిందికి దిగితే చేరిన ప్రతి షాపూ నష్టమే.

పోటీదారుణ్ని చూసి పెట్టే ధరలో చిక్కు వేరు. అమ్మకాల సిబ్బందికి చందా సాఫ్ట్‌వేర్ ఇచ్చే సేల్స్‌ఫోర్స్ 1999లో మొదలైంది, తొలి రోజుల్లో మనిషికి నెలకు 50 డాలర్లు తీసుకుంది. సేల్స్ ఉద్యోగులు పెరిగేకొద్దీ వాడకమూ పెరుగుతుంది కాబట్టి ఆ కొలత అక్కడ సరిపోయింది. తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది అంకెతోపాటు ఆ కొలతనూ ఎత్తుకున్నారు. మందుల షాపులో మనిషికింత అంటే కౌంటర్లోని ముగ్గురూ ఒకే పాస్‌వర్డ్ వాడతారు. ఒకే లాగిన్ ఒకే సమయంలో రెండు సిస్టమ్‌ల మీద కనిపిస్తుంటే కొలత తప్పిందన్నమాటే. ఇక్కడ షాపుకింత అనడమే నయం.

ఇక విలువ లెక్క. షాపు నెలకు 4 లక్షల సరుకు కొంటుంది, అందులో ఒక శాతం గడువు తీరి, వాపసు పోక మిగిలిపోతుంది. అంటే 4,000 నష్టం. దాన్ని సగానికి తగ్గిస్తే యజమానికి మిగిలేది 2,000. అందులో మూడో వంతు, సుమారు 650, అడిగితే అతను ఒప్పుకునే వీలుంది. అప్పుడు 6 లక్షలు రాబట్టడానికి షాపుకు మిగిలే 470 చొప్పున 1,277 షాపులు కావాలి. చుట్టుపక్కల అన్ని షాపులు లేకపోతే సవరించాల్సింది ధర కాదు, జీతాల ఖర్చు.

సగానికి తగ్గుతుందన్నది మాత్రం ఊహే. పది పదిహేను షాపుల్లో మూడు నెలలు వాడించి, వాపసు రశీదులతో సరిచూడాలి. ఇంకోటి, చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపొజిషన్ స్కీములో ఉన్న షాపుకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తన పన్నులో తగ్గించుకోలేదు. 18 శాతం జీఎస్టీతో ఆ 650 అతని జేబుకు 767. పక్కవాడి ధరతో పోల్చేటప్పుడు అతను చూసేది ఈ అంకెనే.