చింతపండులో చిక్కుకున్న 185 రోజులు

గుణుపురంలో ఉండే మా బావ చింతపండు వ్యాపారం చేస్తాడు. మొన్న ఫోన్ చేసి, "ఏడాదికి పద్దెనిమిది లక్షలు మిగులుతున్నాయని లెక్కల్లో ఉంది, మరి ఏప్రిల్ వచ్చేసరికి చేతిలో పైసా ఉండదేం?" అని అడిగాడు. లాభం ఎంత అనేది ఒక ప్రశ్న, పెట్టిన రూపాయి ఎన్నాళ్లకు తిరిగి చేతికొస్తుంది అనేది వేరే ప్రశ్న. ఆ రెండోదానికి జవాబు చెప్పేదే నగదు మార్పిడి చక్రం. సరుకు కొట్లో ఉన్న రోజులు, దానికి బాకీ వసూలయ్యే రోజులు కలిపి, మనకు సరుకు ఇచ్చినవాళ్లకు చెల్లించడానికి తీసుకున్న గడువు రోజులు తీసెయ్యాలి. సూత్రం అంతే. నాకు ఆసక్తి అంతా ఆ మొదటి సంఖ్య దగ్గరే.

బావ లెక్కని గుండ్రంగా తీసుకుందాం. ఏడాదిలో అమ్మిన సరుకు కొన్న ధర 73 లక్షలు, అంటే రోజుకు 20 వేలు. అమ్మకం 91.25 లక్షలు, రోజుకు 25 వేలు. ఇలా రోజు లెక్కకి దించితే మిగతాదంతా భాగహారమే.

చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చెట్టు దిగుతుంది. ఏడాదికి సరిపడా ఆ మూడు నెలల్లోనే కొని, పిక్క తీయించి, నల్లబడకుండా కోల్డ్ స్టోరేజీలో పెట్టాలి. ఇక్కడే చిక్కు వస్తుంది. బావ దగ్గర జనవరి 31న మిగిలిన సరుకు 2.6 లక్షలది, దాన్ని 20 వేలతో భాగిస్తే 13 రోజులు. మార్చి 31న 39 లక్షలు, అంటే 195 రోజులు. ఏప్రిల్ 30న 57.4 లక్షలు, అంటే 287 రోజులు. కొట్టు ఒకటే, వ్యాపారమూ ఒకటే, చూసిన తేదీని బట్టి జవాబు 13 కావచ్చు, 287 కావచ్చు. కామర్స్ క్లాసుల్లో చాలాసార్లు ఏడాది చివరి నిల్వని ఏడాదిలో అమ్మిన సరుకు కొన్న ధరతో భాగించి, 365తో గుణించి వదిలేస్తారు. ఏడాదంతా ఒకేలా సరుకు వచ్చే మందుల షాపుకి అది సరిపోతుందేమో గానీ, సీజన్ సరుకుకి మార్చి 31 అంటే కొనుగోళ్లు ఇంకా సాగుతున్న రోజు. అందుకే పన్నెండు నెలల చివరి నిల్వలు రాసుకుని సగటు తియ్యాలి. తీస్తే 30 లక్షలు వచ్చింది, 150 రోజులు.

బాకీలు 11.25 లక్షలు, 25 వేలతో భాగిస్తే 45 రోజులు. మా వైపు శుక్రవారం లక్ష్మిని బయటికి పంపకూడదని డబ్బివ్వరు, మంగళవారం కూడా అంతే. వసూళ్లకి వెళ్లేవాడికి వారంలో రెండు రోజులు అలాగే పోతాయి, ఆ నమ్మకం ఖరీదు నేరుగా ఈ 45లో కనిపిస్తుంది. ఇక చెల్లింపులు చూస్తే, సంతల్లో ఆదివాసీల దగ్గర కొనే సగం సరుకుకి అక్కడికక్కడే రొక్కం, మిగతా సగానికి 20 రోజుల గడువు. సగటున 10 రోజులు.

150కి 45 కలిపి 10 తీసేస్తే 185 రోజులు. రోజుకు 20 వేల చొప్పున 37 లక్షలు ఎప్పుడూ చింతపండు రూపంలోనో బాకీల రూపంలోనో ఉంటాయన్నమాట. 12 శాతం వడ్డీ వేసుకుంటే ఏడాదికి 4.44 లక్షలు. పద్దెనిమిది లక్షల మిగులులో నాలుగో వంతు దానికే పోతుంది, కోల్డ్ స్టోరేజీ అద్దె ఇంకా లెక్కలోకి రాలేదు.

కానీ 37 అనేది సగటు, వడ్డీ లెక్కకి పనికొస్తుంది. బ్యాంకులో సీసీ లిమిట్, అంటే వ్యాపారానికి వాడుకునే అప్పు పరిమితి, అడిగేటప్పుడు ఆ సగటు చెప్పి వస్తే ఏప్రిల్‌లో టెన్షన్ తప్పదు. అప్పుడు సరుకు 57.4 లక్షలు, 11.25 లక్షల బాకీల్లో లాభం తీసేస్తే ఇరుక్కున్న సొంత పెట్టుబడి 9 లక్షలు, గడువు మీద తెచ్చినది 8 లక్షలు పోగా, సుమారు 58 లక్షలు కావాలి. బావ చేతిలో పైసా ఉండకపోవడానికి కారణం ఇదే.

మరి తగ్గించేదెక్కడ? 150ని తగ్గించాలంటే వానాకాలానికి ముందే తక్కువ ధరకి అమ్మెయ్యాలి. నిల్వ ఉంచి తర్వాత మంచి ధరకి అమ్మడమే ఈ వ్యాపారం కాబట్టి అది కుదరదు. సంతలో బుట్ట దించిన మనిషిని నెల ఆగమనడం అన్యాయం, పైగా వచ్చే వారం ఆమె ఇంకో కాటా దగ్గరికి పోతుంది. మిగిలింది 45.

అందుకని బాకీల పుస్తకం తెరిచి ఒక్కో పేరుకి ఎప్పటి బాకీయో పక్కన రాయమన్నాను. పోయిన దీపావళి నుంచి ఇద్దరి దగ్గరే 4 లక్షలు ఆగిపోయి ఉన్నాయి. వాళ్లని పక్కన పెడితే మిగతా అందరి సగటు 29 రోజులే. అంటే ఖాతాదారులందరూ ఆలస్యం చేస్తున్నారని బావ అనుకుంటున్నది నిజం కాదు. అందరికీ గడువు తగ్గించి మంచి బేరాలు పోగొట్టుకోనక్కర్లేదు. ఆ 4 లక్షలు వస్తే 16 రోజులు తగ్గుతాయి, 3.2 లక్షల పెట్టుబడి వెనక్కి వస్తుంది. ఆ ఇద్దరిలో ఒకాయనది రాయగడ. సోమవారం పొద్దున్నే బయల్దేరతానన్నాడు బావ.