ఇంటికి తీసుకున్న డబ్బు ఖర్చు కాదండీ

జూలై వచ్చిందంటే, పన్ను రిటర్ను వేయించుకోవడానికి వచ్చే ఫ్రీలాన్సర్ల నోట నా బల్ల ముందు ఇదే మాట. "సార్, నెలకు నలభై వేలు నా జీతం కింద తీసుకున్నా. ఖర్చులో వేసేయండి."

వేయలేను. ఫ్రీలాన్సరూ ఆయన వ్యాపారమూ చట్టం దృష్టిలో ఒక్కరే. మీకు మీరే జీతం ఇచ్చుకోవడం కుదరదు. అది డ్రాయింగ్స్, అంటే సొంత వాడకం. లాభం తేలాక అందులోంచి తీసుకున్న డబ్బే గానీ లాభాన్ని తగ్గించేది కాదు.

దీనికి తోడు ఇంకో అపోహ: బ్యాంకులో పడిందే ఆదాయం అని. మొన్న వచ్చిన కంటెంట్ రైటరమ్మాయి లెక్కే చూడండి. ఏడాది ఇన్వాయిస్‌లు 14,40,000. క్లయింట్లు 10 శాతం టీడీఎస్ కోసుకుని 12,96,000 వేశారు. తను అదే ఆదాయమని రాసుకుంది. అందులో జీతం పేరిట 4,80,000, అసలు ఖర్చులు 3,00,000 తీసేసి, లాభం 5,16,000 అంది.

అసలు లాభం 11,40,000. కోసిన 1,44,000 కూడా తన ఆదాయమే, ముందుగా కట్టిన పన్ను అంతే. ఆదాయపన్ను శాఖ దగ్గరుండే మన ఏడాది ఆదాయ వివరాల పట్టిక ఏఐఎస్‌లో 14,40,000 కనిపిస్తుంటే రిటర్నులో 12,96,000 చూపిస్తే నోటీసు రాక ఏమవుతుంది? పాపం, ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. రిటర్ను ఇంకా వేయలేదు కాబట్టి దిద్దేశాం.

తనకు చెప్పింది ఒకటే. క్లయింట్ల డబ్బంతా ఒకే అకౌంటులో పడాలి. నెలకోసారి ఒక మొత్తం ఇంటి అకౌంటుకు పంపి, నరేషన్‌లో డ్రాయింగ్స్ అని రాయాలి. కిరాణా, స్కూలు ఫీజు అక్కడి నుంచే. ఇంటర్నెట్ లాంటి ఉమ్మడి బిల్లు వ్యాపారం అకౌంటు నుంచి కట్టినా, పనికి వాడిన వాటానే ఖర్చు. వెయ్యి రూపాయల బిల్లులో అరవై శాతం పనిదైతే 600 ఖర్చు, 400 డ్రాయింగ్స్. ఆ అరవై ఎలా వచ్చిందో ఒక ముక్క రాసిపెట్టుకోండి, నెలకో రకంగా మార్చకండి.

మిగతావి గబగబా. ల్యాప్‌టాప్ ధర మొత్తం ఆ ఏడాదే ఖర్చు రాయకూడదు, తరుగుదల మాత్రమే. సగం లాభం చూపిస్తే పుస్తకాలే అక్కర్లేదన్న వాట్సాప్ సలహా అందరికీ కాదు. నోటిఫై చేసిన వృత్తులకే, అదీ పరిమితి లోపే. మీ పని ఆ జాబితాలో ఉందో లేదో ముందు చూడండి.

నేనేమీ పుట్టుకతో పండితుణ్ణి కాను లెండి. ప్రాక్టీసు పెట్టిన మొదటి ఏడాది ఆఫీసు ఖర్చుల లెడ్జర్ తిప్పుతుంటే మూడు గ్యాస్ సిలిండర్లు కనిపించాయి. మా ఆఫీసులో టీ కూడా కాచుకోం.