172 అంటే ఎంత?

ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న రోగి గ్లూకోజ్ 172 అని తేలింది. అది మంచి అంకేనా? విడిగా చూస్తే మంచిదే. అక్కడి రోగుల్లో ఎక్కువమందికి రక్తంలో గ్లూకోజ్‌ను డెసిలీటరుకు 140 నుంచి 180 మిల్లీగ్రాముల మధ్య ఉంచడమే ఇప్పటి లక్ష్యం. కానీ అనుభవమున్న నర్సు ఆ అంకె దగ్గర ఆగదు. గంట కిందట ఎంత ఉందో వెంటనే చూస్తుంది.

న్యుమోనియా ముదిరి వెంటిలేటర్ మీద ఉన్న ఒక రోగిని ఊహించుకుందాం. జబ్బు ఒత్తిడికి శరీరం కార్టిసాల్, అడ్రినలిన్ వదులుతుంది. వాటి ప్రభావంతో కాలేయం రక్తంలోకి గ్లూకోజ్ కుమ్మరిస్తుంది, ఇన్సులిన్ మాట కణాలు సరిగా వినవు. మధుమేహం లేనివారికీ ఇలా జరుగుతుంది. ఉదయం 10 గంటలకు ఈ రోగి గ్లూకోజ్ 268. యాభై యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్‌ను యాభై మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి సిరంజి పంపుకు అమర్చారు. మిల్లీలీటరుకు ఒక యూనిట్ కాబట్టి లెక్క తప్పే అవకాశం తక్కువ. ఇన్సులిన్ ప్లాస్టిక్ గొట్టం గోడలకు అంటుకుంటుంది. అందుకే కొంత ద్రావణాన్ని ముందుగా గొట్టం గుండా పోనిచ్చి పారబోశారు. అలా చేయకపోతే మొదట్లో మందు తక్కువగా అందుతుంది, పని చేయడం లేదనుకుని మోతాదు పెంచేస్తారు. గంటకు మూడు యూనిట్లతో పంపు మొదలైంది.

11 గంటలకు 232. తగ్గుదల 36. నర్సు పంపును ముట్టుకోలేదు. 12 గంటలకు 172.

లక్ష్యంలోకి వచ్చేసింది కదా అని వదిలేస్తే ఏమవుతుందో చూడండి. ఒక్క గంటలో 60 పడిపోయింది. అదే వేగం సాగితే ఒంటిగంటకు 112, రెండు గంటలకు 52. రక్తంలో ఇన్సులిన్ కొద్ది నిమిషాల్లోనే సగమవుతుంది కానీ, కణాల మీద దాని పని అంతకంటే ఎక్కువసేపు సాగుతుంది. ఇప్పుడు పంపు తగ్గిస్తే దాని ఫలితం కాసేపటికి గాని కనిపించదు. అందుకే వార్డులో పాటించే ఇన్సులిన్ పద్ధతి పట్టికలో మోతాదును ఇప్పటి అంకె, తగ్గిన వేగం రెండూ కలిసి నిర్ణయిస్తాయి. నర్సు గంటకు ఒకటిన్నర యూనిట్‌కు దించింది. ఒంటిగంటకు 154, రెండు గంటలకు 149. ఇదే 172 గనుక 150 నుంచి పెరిగి వచ్చి ఉంటే ఆమె మోతాదు తగ్గించేది కాదు. గ్లూకోజ్‌ను పెంచే స్టెరాయిడ్ ఏమైనా కొత్తగా మొదలైందా అని చూసేది.

గ్లూకోజ్ పడిపోవడమంటే ఇంత భయం ఎందుకంటే, మత్తులో ఉన్న మనిషికి చెమట పట్టిందని, వణుకు వస్తోందని చెప్పే దారి లేదు. మెదడుకు గ్లూకోజ్ అందని సంగతి పరీక్షలోనే బయటపడాలి. 2009లో వెలువడిన నైస్-షుగర్ అధ్యయనం ఆరు వేలమందికి పైగా రోగులను పరిశీలించింది. గ్లూకోజ్‌ను 81–108 మధ్యకు బిగించినవారిలో తొంభై రోజుల్లోపు మరణించినవారు 27.5 శాతం. 180కి మించకుండా చూసినవారిలో 24.9 శాతం. ప్రమాదకరమైన పతనాలు కూడా బిగించినవారిలోనే చాలా ఎక్కువ.

ఇక మన రోగి సంగతి. రెండున్నరకు అతన్ని స్కానింగ్‌కు తీసుకెళ్లాలి. ముక్కు గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం ఆపారు. నా దృష్టిలో ఈ రోజంతటిలో అత్యంత ప్రమాదకరమైన క్షణం ఇదే, ఎందుకంటే ఇక్కడ ఎవరూ తప్పు చేసినట్టు కనిపించదు. ఆహారం ఆగిపోతుంది, పంపు మాత్రం తన లెక్కన ఇన్సులిన్ తోస్తూనే ఉంటుంది. నర్సు డాక్టరుకు చెప్పి పంపు కూడా ఆపింది. తర్వాతి పరీక్ష కోసం గంట ఆగకుండా అరగంటకే చేసింది. 131.

తిరిగి వచ్చి ఆహారం మొదలుపెట్టాక, నాలుగు గంటలకు 310 వచ్చింది! గబగబా పంపు పెంచాలనిపించే అంకె అది. కానీ గంటలో 179 పెరగడం ఆమెకు నమ్మశక్యంగా అనిపించలేదు. అడిగితే, సహోద్యోగి ఆ నమూనాను మెడ దగ్గరి పెద్ద సిరలోకి వేసిన గొట్టం, అంటే సెంట్రల్ లైన్ నుంచి తీసినట్టు తెలిసింది. అదే లైన్‌లో మరో దారి గుండా డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్ ద్రావణం, ఎక్కుతోంది. ఒక్క చుక్క కలిసినా రక్తం కాక డ్రిప్పు కొలతకు వస్తుంది. వేలి నుంచి తీద్దామంటే, రక్తపోటు పెంచే మందుల మీద ఉన్న రోగి చల్లని, వాచిన వేళ్లలో ఆ అంకె కూడా తప్పు కావచ్చు. ఆమె సెలైన్ మాత్రమే పోయే ధమని లైన్‌ను ఎంచుకుంది. గొట్టంలో నిలిచినదాన్ని ముందు లాగేసి, తర్వాతి రక్తాన్ని పరీక్షించింది. 158. గంటకు ఒక యూనిట్‌తో పంపు మళ్లీ మొదలుపెట్టి, చార్టులో 310 పక్కన కారణం రాసింది. తర్వాతి నమూనా ఐదు గంటలకు, అదే లైన్ నుంచి.