స్లోప్ 58 వచ్చింది కదా, ఇంకేం కావాలి? ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ మీద అపోహలు, వాస్తవాలు

"మేడం, స్లోప్ 58 వచ్చింది, అంటే రిజల్ట్ కరెక్టే కదా?" ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఫోన్‌లో అడుగుతారు, ట్రైనింగుల్లో అడుగుతారు, రిపోర్టు మీద అభ్యంతరం చెబితే ముందు స్లోప్ కాగితమే తీసి చూపిస్తారు. కరెక్టే అని స్లోప్ చూసి ఎవరూ చెప్పలేరు. ఎలక్ట్రోడ్, టిసాబ్, స్టాండర్డులు అంటే ఏంటో తెలిసినవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను, ఓనమాల దగ్గర మొదలుపెట్టను.

అపోహ: స్లోప్ బాగుంటే రిజల్టు సరైనదే.

వాస్తవం: ఫ్లోరైడ్ పది రెట్లు పెరిగితే రీడింగ్ ఎన్ని మిల్లీవోల్టులు దిగుతుందో చెప్పడమే స్లోప్ పని. 25 డిగ్రీల దగ్గర సిద్ధాంతం ప్రకారం అది 59.16. చేతిలో ఉన్న ఎలక్ట్రోడ్ 54 నుంచి 60 మధ్య ఇస్తుంటే క్రిస్టల్ పనిచేస్తోందని అర్థం, అంతవరకే. మీ 1, 10 స్టాండర్డులు నిజంగా 1, 10 అవునో కాదో స్లోప్‌కి తెలిసే దారే లేదు, అది చూసేది ఆ రెండింటి నిష్పత్తినే. సీసాల్లో నిజంగా ఉన్నది 2, 20 అయినా, 0.5, 5 అయినా పది రెట్ల తేడా అలాగే ఉంది కాబట్టి స్లోప్ కూడా అలాగే వస్తుంది. స్టాండర్డులన్నీ ఒకే స్టాక్ నుంచి పలచన చేస్తాం కదా, స్టాక్ తప్పితే అన్నీ ఒకే నిష్పత్తిలో తప్పుతాయి, గ్రాఫు మాత్రం గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది.

ఒక ఊరి స్కూల్ బోరు సంగతి చెప్తాను. ఒక ల్యాబ్ లీటరుకు 2.65 మిల్లీగ్రాములని రిపోర్టు ఇచ్చింది. తాగునీటికి మన బీఐఎస్ ప్రమాణం 1.0, వేరే నీటి వనరు లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. 2.65 అనగానే బోరు ఆపేశారు. వాట్సాప్‌లో ఎవరో "పిల్లల ఎముకలు వంగిపోతాయి" అని పెట్టారు, దాంతో తల్లిదండ్రులు పిల్లల పళ్లు ఫోటోలు తీసి హెడ్‌మాస్టర్‌కి పంపడం మొదలుపెట్టారు. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది, ఫ్లోరోసిస్ కళ్లారా చూసిన ప్రాంతాల్లో ఆ భయం ఊరికే రాదు. కానీ పంటి మీద మచ్చ అనేది చిన్న వయసులో చిగుళ్ల లోపల ఎనామెల్ తయారయ్యేటప్పుడు పడేది. మొన్న తాగిన నీళ్లకి నిన్న రాదు. ఇది చెప్పేవాళ్లు లేకపోయారు, పుకారు మాత్రం ఊరంతా తిరిగింది.

అదే నీళ్లు మా దగ్గర 1.2 వచ్చాయి. ఏది నమ్మాలి? ఆ ల్యాబ్ కుర్రాడు నిజాయితీపరుడు, ఏమీ దాచకుండా నోట్‌బుక్ పట్టుకుని వచ్చాడు. 1 స్టాండర్డ్ దగ్గర 118.0 మిల్లీవోల్టులు, 10 దగ్గర 60.0, శాంపిల్ 93.4. స్లోప్ 58.0, వంక పెట్టడానికి లేదు. లెక్క కూడా సరిగ్గానే చేశాడు: 118.0లోంచి 93.4 తీస్తే 24.6, దాన్ని 58తో భాగిస్తే 0.424, పదిని ఆ ఘాతానికి ఎత్తితే 2.65.

"స్టాక్ ఎలా చేశావు బాబూ?" అని అడిగాను. "100 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ తూచి లీటరుకి కలిపాను మేడం, 100 పీపీఎం." అక్కడ దొరికింది. సోడియం ఫ్లోరైడ్ బరువు 42 అయితే అందులో ఫ్లోరైడ్ వాటా 19, అంటే 45 శాతమే. లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ కావాలంటే తూచాల్సింది 221 మిల్లీగ్రాములు. అతని 100 స్టాక్ నిజానికి 45, 1 అనుకున్నది 0.45, 10 అనుకున్నది 4.5. ఇప్పుడు 2.65ని 0.452తో గుణించండి, మా 1.2 వచ్చేస్తుంది.

దీన్ని ముందే పట్టుకోవచ్చా? అదే నోట్‌బుక్‌లో రెండు పేజీలు వెనక్కి తిప్పితే పాత స్టాక్‌తో 1 స్టాండర్డ్ 98 దగ్గర చదివింది. కొత్త స్టాక్ వచ్చిన రోజు 118కి ఎగిరింది. ఇరవై మిల్లీవోల్టులు! ఒక మిల్లీవోల్ట్ తేడాకే రిజల్టు దాదాపు 4 శాతం మారుతుంది, అలాంటిది ఇరవై అంటే చిన్న విషయం కాదు. రిఫరెన్స్ ఫిల్లింగ్ సొల్యూషన్ మార్చినా రీడింగ్ కొంత జరుగుతుంది కాబట్టి ఎగిరినంత మాత్రాన స్టాక్ తప్పని తేల్చలేం, కానీ ఆగి ఆలోచించడానికి అది చాలు. అందుకే స్లోప్‌తో పాటు 1 స్టాండర్డ్ మిల్లీవోల్టులు కూడా రోజూ రాసుకోండి. ఇంకో పని, కాలిబ్రేషన్ అయ్యాక వేరే సీసా నుంచి, వేరే కంపెనీది లేదా వేరేవాళ్లు తూచినది ఏదైనా, ఒక 1.0 చెక్ స్టాండర్డ్ చదవండి. ఆ రోజు అతను అది పెట్టి ఉంటే 2.2 చూపించేది, బోరు మూసే అవసరమే వచ్చేది కాదు. అదే స్టాక్‌లోంచి తీసి చెక్ స్టాండర్డ్ అనుకుంటే మాత్రం ప్రయోజనం లేదు, రెండూ కలిసి ఒకే అబద్ధం చెబుతాయి.

అపోహ: టిసాబ్ శాంపిల్స్‌కి వేస్తే చాలు, స్టాండర్డులు శుభ్రమైన నీళ్లలోనే ఉన్నాయి కదా.

వాస్తవం: ఇది పై కేసుకంటే ప్రమాదం, ఎందుకంటే ఇక్కడ తప్పు తక్కువ వైపు పోతుంది. ఎలక్ట్రోడ్ చూసేది గాఢతని కాదు, యాక్టివిటీని. నీళ్లలో ఉప్పు పెరిగేకొద్దీ అదే ఫ్లోరైడ్ తక్కువగా కనిపిస్తుంది. టిసాబ్‌లో లీటరుకు 58 గ్రాముల ఉప్పు వేసేది అందుకే, బోరు నీళ్ల సొంత ఉప్పు ఎంతున్నా దాని ముందు లెక్కలోకి రాకుండా పోవాలి, స్టాండర్డూ శాంపిలూ ఎలక్ట్రోడ్‌కి ఒకేలా కనపడాలి. ఒకదానికి వేసి ఇంకోదానికి మానేస్తే ఆ పని ఎలా జరుగుతుంది? 25 మిల్లీలీటర్ల శాంపిల్‌కి 25 టిసాబ్ వేస్తే ఫ్లోరైడ్ సగమైంది, పైగా ఉప్పు వల్ల యాక్టివిటీ ఇంకా పడింది. టిసాబ్ లేని స్టాండర్డులతో పోలిస్తే 1.8 ఉన్న నీళ్లు 0.9 కంటే కూడా తక్కువ చదువుతాయి. "తాగొచ్చు" అని రాసి ఇచ్చేస్తారు. మరి స్లోప్? టిసాబ్ లేని స్టాండర్డులకి కూడా 57, 58 వస్తుంది, అది ఏమీ పట్టుకోదు.

రెండింటికీ సమానంగా వేస్తే మాత్రం చివర్లో రెండుతో గుణించకండి. స్టాండర్డ్ కూడా సగమైంది కదా, అక్కడికక్కడ చెల్లిపోయింది. ఇలా గుణించిన రిపోర్టులు ఇప్పటికీ వస్తున్నాయి నా టేబుల్ మీదకి.

అపోహ: టిసాబ్ అంటే బఫరే, ల్యాబ్‌లో ఎసిటేట్ బఫర్ ఉంది, అదే వేస్తాం.

వాస్తవం: పీహెచ్ 5.3 దగ్గర నిలబెట్టడం దాని పనుల్లో ఒకటి. పీహెచ్ బాగా కిందికి పోతే ఫ్లోరైడ్ హైడ్రోజన్‌తో కలిసిపోతుంది, బాగా పైకి పోతే హైడ్రాక్సైడ్‌ని కూడా ఎలక్ట్రోడ్ ఫ్లోరైడ్ అనుకుంటుంది. సరే, అది బఫర్ చూసుకుంటుంది. కానీ అల్యూమినియం ఉంటే? నల్లగొండ టెక్నిక్ తెలుసు కదా, పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతి. అలా శుద్ధి చేసిన నీళ్లలో అల్యూమినియం కొంత మిగలొచ్చు. అది ఫ్లోరైడ్‌ని గట్టిగా పట్టుకుంటుంది, పట్టుకున్న ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌కి కనపడదు, తాగినవాడి కడుపులోకి మాత్రం పోతుంది. టిసాబ్‌లో సీడీటీఏ వేసేది అల్యూమినియంని తను పట్టుకుని ఫ్లోరైడ్‌ని వదిలించడానికే. అది లేని బఫర్‌తో కొలిస్తే ప్లాంటు అద్భుతంగా పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. స్టాండర్డుల్లో అల్యూమినియం ఉండదు కాబట్టి స్లోప్ ఇక్కడ కూడా నవ్వుతూనే ఉంటుంది.

అనుమానం ఉంటే ఆ నీళ్లకే లీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున తెలిసిన ఫ్లోరైడ్ కలిపి మళ్లీ చదవండి. తేడా 1కి దగ్గరగా రావాలి. 0.6 వస్తే ఏదో పట్టుకుంటోంది. సీడీటీఏ ఉన్న టిసాబ్ వేసి, వెంటనే చదవకుండా కాసేపు ఆగి, మళ్లీ చూడండి. అప్పటికీ రాకపోతే శాంపిల్ పలచన చేసి చేయండి.

అపోహ: స్లోప్ 59.16 రాకపోతే ఎలక్ట్రోడ్ పోయినట్టే, 60 దాటితే మీటర్ పాడైనట్టే.

59.16 అనేది 25 డిగ్రీల అంకె. 20 దగ్గర 58.2, 35 దగ్గర 61.1. మే నెలలో ఏసీ లేని ల్యాబ్‌లో 60 దాటితే మీటర్ని తిట్టకండి. స్టాండర్డులు ఫ్రిజ్‌లోంచి, శాంపిల్ ఎండలోంచి తెచ్చి వెంటవెంటనే చదవడం మాత్రం తప్పే, రెండూ ఒకే వేడికి వచ్చాకే మొదలుపెట్టాలి. స్టిర్రర్ కూడా బీకరుని వేడి చేస్తుంది, మధ్యలో ఒక థర్మకోల్ ముక్క పెట్టండి.

స్లోప్ 50 దగ్గరికి పడిపోతే మాత్రం చూడాలి, కానీ కొత్త ఎలక్ట్రోడ్ కొనే ముందు మీ అన్నిటికంటే తక్కువ స్టాండర్డ్ ఎంతో చూడండి. 0.05 లాంటిది పెట్టి స్లోప్ తీస్తే తక్కువే వస్తుంది, అక్కడ గీత వంగడం మొదలవుతుంది, రీడింగ్ స్థిరపడటానికి కూడా చాలాసేపు పడుతుంది. తాగునీటికి 0.5, 1, 2, అవసరమైతే 10, ఇవి చాలు. క్రిస్టల్ కింద గాలి బుడగ ఉందా? ఫిల్లింగ్ రంధ్రం మూత తీశారా? 10 స్టాండర్డ్ చదివి సరిగా కడగకుండా 1 స్టాండర్డ్‌లో పెట్టారా? వీటికి డబ్బు ఖర్చు లేదు.

మిగతావి గబగబా. స్లోప్‌కి మైనస్ గుర్తు వస్తే కంగారు పడకండి, ఫ్లోరైడ్ రుణ అయాను, గుర్తు అలాగే ఉండాలి. నిన్నటి కాలిబ్రేషన్ ఇవాళ పనికిరాదు, స్లోప్ మారకపోయినా గీత మొత్తం పైకో కిందికో జరుగుతుంది. స్టాండర్డులు గాజు సీసాల్లో దాచకండి, ప్లాస్టిక్‌లో పెట్టండి, మూత మీద తేదీతో పాటు తూచిన బరువు కూడా రాయండి. 221 అని కనపడితే తర్వాత వచ్చినవాళ్లు నాకు ఫోన్ చేయక్కర్లేదు.