15 ఏళ్ల యంత్రం, 12 ఏళ్ల నాటి తప్పు: తరుగుదల పట్టిక ఇప్పుడెందుకు తేలడం లేదు

2011 ఏప్రిల్ 1న కొన్న యంత్రాలకు 2026 మార్చి 31తో 15 ఏళ్లు నిండాయి. కంపెనీల చట్టం తరుగుదల లెక్క ప్రకారం పుస్తకాల్లో మిగలాల్సింది కొన్న ధరలో 5 శాతం. చాలా కంపెనీల ఆస్తుల రిజిస్టరులో అంతకంటే ఎక్కువ మిగిలి ఉంది. ఆడిటర్లు ఎందుకని అడుగుతున్నారు, అకౌంట్స్ విభాగాలు ‘పన్నెండేళ్లుగా మీరే సంతకం పెడుతున్నారుగా’ అంటున్నాయి. ఆ మాటలో నిజం ఉంది. కానీ సంతకం పడినంత మాత్రాన తప్పు లెక్క ఒప్పైపోదు.

మలుపు 2014 ఏప్రిల్ 1. అంతకుముందు 1956 కంపెనీల చట్టం షెడ్యూల్ 14 నేరుగా రేట్లు ఇచ్చేది. ఒకే షిఫ్టులో నడిచే సాధారణ యంత్రానికి స్థిర వాయిదాల పద్ధతిలో 4.75 శాతం, తగ్గుతున్న నిల్వల పద్ధతిలో 13.91 శాతం. రెండింటి వెనకా ఉన్నది ఒకే ఊహ: 20 ఏళ్ల ఆయుష్షు, చివరికి 5 శాతం మిగులు. 2013 చట్టం షెడ్యూల్ 2 రేట్లను తీసేసి ఆయుష్షునే ఇచ్చింది. సాధారణ యంత్రానికి అది 15 ఏళ్లు. పాత ఆస్తుల సంగతి కూడా అందులోనే రాసి ఉంది: ఆ రోజు పుస్తకాల్లో ఉన్న విలువను మిగిలిన ఆయుష్షు మీద పంచాలి. తప్పంతా ఈ వాక్యం దగ్గరే జరిగింది.

ఉదాహరణకు 2011 ఏప్రిల్ 1న 10,00,000 రూపాయలకు కొన్న యంత్రం తీసుకుందాం. స్థిర వాయిదాల పద్ధతిలో ఏడాదికి 47,500 చొప్పున మూడేళ్లకు 1,42,500 పోయి 8,57,500 మిగిలింది. చివరికి ఉండాల్సిన 50,000 తీసేస్తే పంచాల్సింది 8,07,500. మిగిలిన ఆయుష్షు 12 ఏళ్లు కాబట్టి ఏడాదికి 67,292. అయితే చాలామంది 95 శాతాన్ని 15తో భాగించి, వచ్చిన 6.33 శాతాన్ని కొన్న ధర మీదే వేసుకుంటూ పోయారు. ఏడాదికి 63,333. పన్నెండేళ్లకు 7,60,000 మాత్రమే పోయి, 50,000 ఉండాల్సిన చోట 97,500 మిగిలింది. మొదటి మూడేళ్లు 20 ఏళ్ల లెక్కలో తక్కువ తరుగు వేశాం, ఆ లోటు తర్వాతి పన్నెండేళ్లలో పూడలేదు. అంతే.

తగ్గుతున్న నిల్వల పద్ధతిలో ఇదే తప్పు కాస్త దాక్కుంటుంది. మూడేళ్ల తర్వాత విలువ 6,38,055. దాన్ని 12 ఏళ్లలో 50,000కు దించే రేటును ఎక్సెల్‌లో ఇలా కనుక్కోవాలి:

```
=1-(50000/638055)^(1/12)
```

వచ్చేది 19.12 శాతం. 2014-15 తరుగు 1,21,996, మరుసటి ఏడాది 98,670. దీనికి బదులు కొత్త యంత్రాలకు వర్తించే 18.10 శాతం వేస్తే చివర సుమారు 58,100 మిగులుతుంది. తేడా 8,000 చిల్లరే కాబట్టి ‘రౌండింగ్’ అని వదిలేస్తారు. నిజంగా రౌండింగ్ తేడా ఎంతో చూడండి: 19.12 దగ్గర ఆపేసినా చివర మిగిలేది సుమారు 49,998. రెండు రూపాయలు.

పట్టికను సరిచూడాలంటే ప్రతి అంకెనూ మళ్లీ వేయనక్కర్లేదు. స్థిర వాయిదాల్లో ఏటా తరుగు ఒకటే ఉండాలి. రెండో పద్ధతిలో ముగింపు విలువను ప్రారంభ విలువతో భాగిస్తే ఏటా ఒకే భాగఫలం రావాలి. మన యంత్రానికి 2014 దాకా 0.8609, ఆ తర్వాత 0.8088. 2014-15లో ఈ విరుపు కనపడాల్సిందే. అది లేకపోతే షెడ్యూల్ 2ను అసలు అమలు చేయలేదన్నమాట. ఉండి, అంకె 0.8190 అయితే కొత్త ఆస్తి రేటు వేశారు. ఇంకే ఏడాదిలోనైనా భాగఫలం మారితే ఎవరో ఫార్ములా మీద అంకె కొట్టారని చూడాలి. డబుల్ షిఫ్టు నడిచిన ఏడాది మాత్రం మినహాయింపు. ఆ కాలానికి తరుగు 50 శాతం పెరుగుతుంది.

అదే ఏడాది ఇంకో తేడా వస్తుంది, అది తప్పు కాదు. ఆయుష్షు అప్పటికే తీరిపోయిన పాత కంప్యూటర్ల వంటి వాటి విలువను, మిగులు ఉంచి, నేరుగా ప్రారంభ నిల్వ లాభాల నుంచి తీసేసుకునే వీలిచ్చారు. అలా చేసినచోట రిజిస్టరులో తగ్గినంత లాభనష్టాల ఖాతాలో కనపడదు.

ఇక మొదటి ఉదాహరణలో 50,000కు మించి మిగిలిన 47,500ను ఏం చేయాలన్నదే గొడవ. అకౌంట్స్ వాళ్లు దీన్ని అంచనాలో మార్పు అంటున్నారు, ఈ ఏటి ఖర్చులో కలిపేస్తే సరిపోతుందని. కానీ అంచనా 2014లోనే మారింది. ఆ తర్వాత కొత్త సమాచారమేదీ రాలేదు, చట్టంలో ఉన్న లెక్కను వేయలేదు. అది పొరపాటే. అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 5 పాటించే కంపెనీ దాన్ని గత కాలపు అంశంగా విడిగా చూపాలి. ఇండ్ ఏఎస్ పాటించే కంపెనీ, మొత్తం ప్రాముఖ్యమున్నదైతే, పాత అంకెలను తిరగరాయాలి. 97,500నే మిగులు విలువ అనుకుందామన్న ప్రతిపాదన కూడా వినిపిస్తోంది. 5 శాతం దాటితే సాంకేతిక సలహా ఆధారంగా సమర్థన రాసి వెల్లడించాలి. లెక్క తేలలేదు కాబట్టి అన్నది సాంకేతిక సలహా కిందికి రాదు.